‘నాణ్యమైన మందు’ ఎవరి గొంతు కోస్తోంది?

కల్తీ సారా తాగి పదిమంది చస్తే పేపర్లో వస్తుంది. మంత్రి వస్తాడు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాడు, నలుగురు ఎక్సైజోళ్ళని సస్పెండ్ చేస్తారు. కల్తీ లేని మందు, సీలున్న మందు, సర్కారు లైసెన్సు షాపులో కొన్న మందు ఇరవై ఏళ్ళు తాగి గొంతులో పుండు లేచి చచ్చినోడి కోసం ఏ మంత్రీ రాడు. వాడు ‘రోగం వచ్చి పోయాడు’ అంటారు. అంతే.

ఈ రెండో చావు గురించి మాట్లాడాలి. ఎందుకంటే మన వాడల్లో మొదటి చావు కంటే ఇదే ఎక్కువ. దీని పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు మా ఇంటి సంగతి చెప్తాం. మా చిన్నాయన మిర్చి యార్డులో హమాలీ. 1991లో ఇరవై రెండేళ్ళ వయసులో మూటలెత్తటానికి పోయినప్పుడు సారా ప్యాకెట్లతో మొదలుపెట్టాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకితే 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమైంది. 1997లో అది ఎత్తేశారు. ప్యాకెట్ పోయి సీసా వచ్చింది. అప్పట్నుంచి మా చిన్నాయన లెక్క ఒకటే: సాయంత్రం యార్డు దిగగానే ఒక క్వార్టరు, రోజు మొత్తం మీద నాలుగు చుట్టలు. తాగి ఎవరినీ తిట్టింది లేదు, పిన్నమ్మని కొట్టింది లేదు. ‘పద్ధతిగా తాగుతాడు’ అని వాడలో మంచిపేరు కూడా ఉంది.

2023 సంక్రాంతికి ఆయన అన్నాడు: “ఏంటోరా అబ్బాయ్, అన్నం ముద్ద ఇక్కడ నిలబడిపోతంది. రెండు గుక్కల నీళ్ళు తాగితేగానీ దిగట్లేదు.” రొమ్ము ఎముక మధ్యలో వేలు పెట్టి చూపించాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. గ్యాస్ అన్నాడు, బిళ్ళలిచ్చాడు. నెల తర్వాత రొట్టె తినటం మానేశాడు. మాంసం ముక్క మానేశాడు. ఉగాదికల్లా అన్నం మెత్తగా పిసికి చారు పోసుకుని తింటున్నాడు. ‘పళ్ళు పోయాయి కదా’ అనుకున్నాం. మే నెలలో జావ కూడా కష్టమైంది. పద్నాలుగు కిలోలు తగ్గాడు. అప్పుడు తీసుకుపోయాం.

గొంతులోకి కెమెరా గొట్టం వేసి చూశారు. దాన్ని ఎండోస్కోపీ అంటారు. అన్నవాహిక మధ్యభాగంలో కాలీఫ్లవర్ లాంటి కంతి ఉంది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపారు. వారానికి కాగితం వచ్చింది: క్యాన్సర్. అక్కడి డాక్టరు కాగితం చూస్తూ ఒక మాటన్నాడు: “మీవాళ్ళకి ఇది మామూలే కదండీ, తాగుతారు కదా.”

మీవాళ్ళు! ఆ ఒక్క మాటలో ఆయన రోగకారణాన్ని మా పుట్టుకలోకి తోసేశాడు. మేం ఆయనకి ఆరోజు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్తున్నాం. ఆ జవాబు ఆయనకంటే మనకే ఎక్కువ అవసరం. ఎందుకంటే సగం అబద్ధం ఆయన చెప్తే మిగతా సగం మనం చెప్పుకుంటున్నాం. “చీప్ మందు తాగాడు కాబట్టి వచ్చింది, మంచి మందు తాగితే వచ్చేది కాదు” అని చిన్నాయన దినం రోజు పందిట్లో కూర్చున్న వాళ్ళే అన్నారు.

మంచి మందు అంటే ఏంటో చూద్దాం.

సీసా వెనక్కి తిప్పి చదవండి. విస్కీ అయినా, బ్రాందీ అయినా, రమ్ము అయినా 42.8 శాతం అని ఉంటుంది. అది ఆల్కహాలు పాలు. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. తూకం వేస్తే అరవై గ్రాములు. తక్కువ రేటు క్వార్టర్లో అరవై గ్రాములే, దొరబాబులు తాగే బ్రాండు క్వార్టర్లోనూ అరవై గ్రాములే. తేడా రంగులో, వాసనలో, సీసాలో, రేటులో ఉంది. లోపలున్న సరుకు ఒకటే. నీళ్ళు కలుపుకుంటే గొంతు మంట తగ్గుతుంది, గ్రాములు తగ్గవు. బీరు తాగేవాళ్ళు మాది బీరే కదా అంటారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఎనిమిది శాతం ఉంటే అందులో నలభై గ్రాములు. రెండు సీసాలు తాగినోడు క్వార్టరు దాటిపోయాడు. కల్లు మాట వేరు అనుకోవద్దు. పొద్దున దింపిన కల్లు సాయంత్రానికి పులుస్తుంది. ఆ పులుపుతో పాటు ఆల్కహాలూ పెరుగుతుంది.

రోజుకి అరవై గ్రాములంటే ఏడాదికి ఇరవై రెండు కిలోలు. ఇరవై అయిదేళ్ళకి అయిదున్నర క్వింటాళ్ళు. మిర్చి టిక్కీ ఒకటి నలభై అయిదు కిలోలు అనుకుంటే పన్నెండు టిక్కీలు. మా చిన్నాయన వీపు మీద లక్షల టిక్కీలు మోశాడు. ఈ పన్నెండు మాత్రం గొంతులోంచి మోశాడు. అంగుళం వెడల్పు కూడా లేని గొట్టంలోంచి.

ఆ గొట్టంలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఆల్కహాలు ఒంట్లోకి పోగానే శరీరం దాన్ని విరగ్గొడుతుంది. మొదటి మెట్టులో అది ఎసిటాల్డిహైడ్ అనే పదార్థంగా మారుతుంది. రెండో మెట్టులో ఆ ఎసిటాల్డిహైడ్ పెద్దగా హాని చేయని పదార్థంగా మారి బయటికి పోతుంది. ప్రమాదమంతా ఈ రెండు మెట్ల మధ్యలో ఉంది. ఎసిటాల్డిహైడ్ విషం. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ కణం ఎలా పెరగాలో, ఎప్పుడు ఆగాలో రాసి ఉన్న దారం ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఏ. అంటారు. ఈ విషం పోయి ఆ దారానికి అతుక్కుంటుంది. అతుక్కున్న చోట రాత చెడిపోతుంది. శరీరం బాగుచేసుకుంటుంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ చెడిపోతుంది. మళ్ళీ బాగుచేసుకుంటుంది. ఏళ్ళ తరబడి ఇట్లా సాగితే ఏదో ఒక రోజు ఒక తప్పు అలాగే మిగిలిపోతుంది. ‘ఆగు’ అని రాసి ఉన్నచోటే ఆ తప్పు పడితే ఆ కణం ఆగదు, పెరుగుతూనే పోతుంది. అదే కంతి.

మరి నోరు, గొంతు, అన్నవాహికే ఎందుకు ముందు దెబ్బతింటాయి? తాగింది కాలేయానికి పోయి అక్కడే విరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం అక్కడే విరుగుతుంది, నిజమే. కానీ నోట్లో ఉండే సూక్ష్మజీవులు కూడా ఆల్కహాలుని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి. రెండో మెట్టు పని చేసే శక్తి వాటికి తక్కువ. అందుకని తాగినోడి రక్తంలో కంటే ఉమ్ములో ఈ విషం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ ఉమ్మే గుటక గుటకకీ అన్నవాహిక గోడ మీదుగా జారుతుంది. చుట్ట, బీడీ తాగే నోట్లో, పళ్ళు పాడైన నోట్లో ఇది ఇంకా ఎక్కువ.

చుట్ట సంగతి ఇక్కడే చెప్పాలి. పొగాకులో క్యాన్సర్ తెచ్చే విషాలు వేరేగా ఉన్నాయి. ఆల్కహాలు నోటి లోపలి పొరని పలచబరిచి ఆ విషాలు లోపలికి దిగేటట్టు చేస్తుంది. రంగు గోడకి దిగాలంటే టర్పెంటైన్ కలిపినట్టు. అందుకే మందూ పొగాకూ కలిసినచోట ప్రమాదం కూడిక కాదు, గుణింతం. మా చిన్నాయనది గుణింతమే. దానికి తోడు తాగేవాళ్ళ తిండి చూడండి. క్వార్టరు కొన్న రోజు కూరకి డబ్బులుండవు. ఆకుకూర, పప్పు తగ్గిపోతాయి. డి.ఎన్.ఏ. బాగుచేసుకోవటానికి కావలసిన ఫోలేట్ అనే విటమిను వాటిలోనే ఉంటుంది. దాన్ని కూడా ఆల్కహాలు ఒంటికి పట్టనివ్వదు. చెడగొట్టే చెయ్యీ అదే, బాగుచేసేవాడి చెయ్యి కట్టేసేదీ అదే.

ఈ మాటలు మేం కొత్తగా కనిపెట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి జాబితాలో 1988లోనే చేర్చింది. పొగాకు ఉన్న జాబితా అదే. విస్కీ అనో, చీప్ లిక్కర్ అనో తేడా పెట్టలేదు. మద్యం అంది. దూబగుంటకి నాలుగేళ్ళ ముందు మాట ఇది. అప్పుడు మా అమ్మలు కూలి డబ్బుల కోసం, ఒంటి మీద దెబ్బల కోసం పోట్లాడారు. గొంతులో కంతి సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తెలిసినోళ్ళకి తెలుసు.

ఎంత ప్రమాదం? 2015లో 572 పరిశోధనలు కలిపి ఒక లెక్క వేశారు. రోజుకి యాభై గ్రాములు దాటి తాగేవాళ్ళని ఎక్కువ తాగేవాళ్ళుగా పెట్టారు. రోజుకొక క్వార్టరు తాగేవాడు అందులో పడిపోతాడని గుర్తుంచుకోండి. వాళ్ళకి నోరు, గొంతు క్యాన్సర్లు తాగనివాళ్ళ కంటే అయిదు రెట్లు. మా చిన్నాయనకి వచ్చిన రకం అన్నవాహిక క్యాన్సర్ కూడా అయిదు రెట్లు. స్వరపేటికది రెండున్నర రెట్లు పైన, కాలేయానిది రెండు రెట్లు. పెద్దపేగుది దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఒకటిన్నర రెట్లు దాటింది. ఒళ్ళు నొప్పులకని కల్లో మందో పుచ్చుకునే మన ఆడకూలీలకి ఆఖరి మాట ఎవరు చెప్పారు?

“మా తాత రోజూ తాగాడు, ఎనభై ఏళ్ళు బతికాడు” అని వాదించేవాళ్ళుంటారు. అబద్ధమని మేం అనం. అయిదు రెట్లు అంటే తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు. లెక్క కోసం తాగని వెయ్యిమందిలో నలుగురికి ఈ రోగం వస్తుందనుకుందాం. ఎక్కువ తాగే వెయ్యిమందిలో ఇరవైమందికి వస్తుంది. మిగతా తొమ్మిది వందల ఎనభైమందీ మీ తాతలే. కానీ ఆ ఇరవైలో పదహారుమంది ఆ సీసా లేకపోతే రోగం రానివాళ్ళు. ఆ పదహారుమంది ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు. తాతని చూపించటం తేలిక, ఎందుకంటే బతికినోడు అరుగు మీద కనబడతాడు. పోయినోడు కనబడడు.

ఇప్పుడు ‘నాణ్యత’ మాటకి వద్దాం. 2024 ఎన్నికల సభల్లో నాణ్యమైన మందు తక్కువ రేటుకి ఇస్తామని మాటిచ్చారు. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం వచ్చింది, 99 రూపాయల క్వార్టరు వచ్చింది. అంతకు ముందున్నోళ్ళ హయాంలో పిచ్చి బ్రాండ్లు తాగించారని వీళ్ళు తిట్టారు. ఎవరి బ్రాండు ఎవరిదో వాళ్ళు కొట్టుకుంటున్నారు. మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీ మందు కళ్ళు పోగొడుతుంది, రెండు మూడు రోజుల్లో చంపుతుంది. దాన్ని అరికట్టాల్సిందే, ఆ మాట కాదనం. కానీ కల్తీ తీసేసినాక మిగిలేది ఏంటి? అరవై గ్రాముల ఆల్కహాలు. అది స్వచ్ఛమైన కొద్దీ క్యాన్సర్ తగ్గుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంతవరకు తాగితే ప్రమాదం లేదు అని చెప్పగలిగిన కొలత లేనే లేదని ప్రకటించింది. అట్లాంటి సరుకుని ‘నాణ్యమైనది’ అని పిలవటం ఆరోగ్యం మాట కాదు, వ్యాపారం మాట.

బీడీ కట్ట తీసుకోండి. దాని మీద క్యాన్సర్ వచ్చిన నోటి బొమ్మ వేస్తారు. కట్టలో చాలాభాగం ఆ బొమ్మే. క్వార్టరు సీసా తీసుకోండి. మద్యం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపొద్దు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్యాన్సర్ అన్న మాటే లేదు. రెండూ ఒకే జాబితాలో ఉన్న సరుకులు. ఒకదాని మీద బొమ్మ, ఇంకోదాని మీద మౌనం. ఈ మౌనం ఖరీదు రెండు రాష్ట్రాల ఖజానాల్లో ఏటా వేల కోట్లు.

ఇదీ ఆ డాక్టరుకి మా జవాబు. రోగం మా కులంలో లేదు, సీసాలో ఉంది. ఆ సీసా యార్డు గేటు ముందు ఎవరు పెట్టారు, దాని మీద నిజం రాయకుండా ఎవరు ఆపారు అని అడగాలి. రోజంతా మూటలెత్తినోడి నడుం నొప్పికి దొరికే మందు అదొక్కటే ఎందుకైంది అని అడగాలి. అగ్రహారంలో తాగినా బంగళాలో తాగినా అన్నవాహిక అన్నవాహికే. తేడా ఒక్కటే, బంగళావాడు మొదటి నెలలోనే ఎండోస్కోపీకి పోతాడు. మనవాడు గ్యాస్ బిళ్ళలతో నాలుగు నెలలు గడుపుతాడు.

ఆ నాలుగు నెలల సంగతే ఇప్పుడు చెప్పాలి, ప్రాణాలు పోయేది అక్కడే కాబట్టి. అన్నవాహిక సాగే గొట్టం. కంతి పెరుగుతున్నా చాలాకాలం సర్దుకుపోతుంది. దారి సగం దాకా మూసుకుపోయాకే ముద్ద అడ్డం పడటం మొదలవుతుంది. ముందు గట్టివి, తర్వాత మెత్తనివి, ఆఖరికి నీళ్ళు. ఈ వరస కనబడితే అది గ్యాస్ కాదు. గ్యాస్‌కి మంట ఉంటుంది, త్రేన్పులుంటాయి గానీ ముద్ద రోజురోజుకీ ఎక్కువగా ఆగిపోదు. తాగే అలవాటున్నోడు ‘అన్నం దిగట్లేదు’ అంటే రెండు వారాలు కూడా చూడొద్దు. బిళ్ళలడగొద్దు, ఎండోస్కోపీ అడగాలి.

నోరు అయితే మనమే చూసుకోవచ్చు. పగటి వెలుతురులో అద్దం పెట్టుకుని నాలుక పక్కలు, నాలుక కింద, బుగ్గల లోపల చూడాలి. మూడు వారాలైనా మానని పుండు, తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రని మచ్చ ఉంటే చూపించుకోవాలి. మెడలో నొప్పి లేని గడ్డ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు కూడా అంతే. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండదు. నోటి పుండు చిన్నగా ఉన్నప్పుడు కోసి తీసేస్తే మనిషి బతుకుతాడు. మా చిన్నాయనకి ఆ దారి లేకపోయింది. కోసే దశ దాటిందన్నారు. కరెంటు పెట్టారు, కీమో ఇచ్చారు, తిండికి పొట్టలోకి గొట్టం వేశారు. ఆరోగ్య పథకం కార్డు మీద వైద్యం జరిగింది, ఖర్చులో కొంత తప్పింది. మనిషి దసరా దాటలేదు.

మానేస్తే లాభముందా అని అడుగుతారు. ఉంది. మద్యం మానితే నోటి క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ ప్రమాదం తగ్గుతుందని అదే పరిశోధన సంస్థ 2023లో తేల్చి చెప్పింది. కాకపోతే అది నెలల్లో తగ్గదు, ఏళ్ళ మీద తగ్గుతుంది. పాతికేళ్ళు రాసిన తప్పులు ఒక్క ఏడాదిలో చెరిగిపోవు. నలభై ఏళ్ళకి మానినోడికి అరవైలో ఫలితం కనబడుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం ప్రతి కార్యకర్తా గుర్తుపెట్టుకోవాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాణ్ణి దేవుడి మీద ఒట్టేయించి ఒక్కసారిగా మాన్పించొద్దు. మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ‘మందు పడక దయ్యం పట్టింది’ అని మన వాడల్లో చెప్పుకునేది ఇదే. ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి, మందులతో కొద్దిరోజులు దగ్గరుండి మాన్పించాలి. అట్లా మానినోణ్ణి ఎగతాళి చెయ్యకుండా ఉండటం మన పని.

వచ్చేసారి ఓట్లకి వచ్చినోడు మన వాడలో నిలబడి నాణ్యమైన మందు అంటే సీసా చేతికిచ్చి రెండు ప్రశ్నలు వెయ్యండి. ఇందులో క్యాన్సర్ తెచ్చే సరుకు ఎన్ని గ్రాములుంది? ఆ మాట దీని మీద ఎందుకు రాయలేదు? జవాబు చెప్పేదాకా మైకు ఇవ్వొద్దు.